పుట్టిన బిడ్డ ఊపిరి తీసుకోకపోతే: మొదటి నిమిషంలో ఏం చేయాలి, ఏ వరుసలో చేయాలి

చెన్నై లేబర్ రూముల్లో పనిచేస్తున్న మన నెల్లూరు, తిరుపతి, సూళ్లూరుపేట అమ్మాయిలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. “అక్కా, బిడ్డ ఏడవకపోతే ఎంతసేపు రుద్దాలి? బ్యాగ్ ఎప్పుడు పెట్టాలి?”

తుడవడం, రుద్దడం, తల సరిచేయడం అన్నీ కలిపి సుమారు 30 సెకన్లలో అయిపోవాలి. అప్పటికీ బిడ్డ ఊపిరి తీసుకోకపోతే, పుట్టి 60 సెకన్లు దాటకముందే అంబు బ్యాగ్‌తో గాలి అందడం మొదలవ్వాలి. ఏ పని ఎక్కువసేపు పట్టి ఈ గడువు దాటిపోతుందో చూసుకుంటే, తప్పు ఎక్కడ జరుగుతోందో అర్థమవుతుంది.

ఇక్కడ నేను రాస్తున్నది నెలలు నిండిన బిడ్డ గురించి, బ్యాగ్, మాస్క్ వాడడంలో శిక్షణ ఉన్న సిబ్బంది కోసం. ఇది చదివి ఇంట్లో చేసే పని కాదు. శిక్షణ ఉన్నవాళ్లు కూడా బొమ్మ మీద చేతులు ఆడించుకోకుండా దీన్నే నమ్ముకోవద్దు. మీ ఆసుపత్రి ప్రోటోకాల్‌లో తేడా ఉంటే దాన్నే పాటించండి.

1. తల్లి టేబుల్ ఎక్కగానే అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

కాన్పు చేసే డాక్టర్‌ని ఈ నాలుగూ అడగండి.

- ఎన్ని వారాలు?
- ఉమ్మనీరు తేటగా ఉందా, పచ్చగా ఉందా?
- ఇంకేమైనా రిస్క్ ఉందా? షుగర్, బీపీ, కవలలు, బిడ్డ గుండె వేగం తగ్గడం, తల్లికి ఇచ్చిన మత్తు మందులు లాంటివి.
- బొడ్డుతాడు ఎప్పుడు కత్తిరిస్తారు?

నాలుగో ప్రశ్న చాలామంది అడగరు. బిడ్డ బాగా ఏడుస్తూ ఉంటే కనీసం ఒక నిమిషం ఆగి తాడు కత్తిరిస్తారు. ఏడవని బిడ్డ విషయంలో, తాడు అలాగే ఉండగా వీపు మీద కాస్త తుడిచి చూస్తారు. కదలిక లేకపోతే వెంటనే కత్తిరించి వార్మర్ దగ్గరికి తెస్తారు. ఇది ముందే మాట్లాడుకోకపోతే ఆ క్షణంలో ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ నిలబడాల్సి వస్తుంది.

ప్రతి కాన్పుకీ బిడ్డను చూసుకోవడమే పనిగా ఒక మనిషి ఉండాలి. రిస్క్ ఉందంటే ఇద్దరు కావాలి. ఒకరు బిడ్డ తల దగ్గర, ఇంకొకరు స్టెతస్కోప్‌తో పక్కన.

చెన్నైలో ఇంకో మాట కూడా ముందే అనుకోవాలి. టీమ్‌లో ఒకరు తమిళం, ఒకరు తెలుగు, ఒకరు మలయాళం అయినప్పుడు గుండె వేగం ఏ భాషలో చెప్పాలో ముందే తేల్చుకోండి. అంకెలన్నీ ఇంగ్లీషులో, గట్టిగా చెప్పుకుంటే సరిపోతుంది. తల్లి తెలుగు మనిషైతే, ఆమెతో మాట్లాడే బాధ్యత తెలుగు వచ్చిన ఒకరికి అప్పగించండి. “బిడ్డ ఏడవలేదేంటి సిస్టర్?” అని ఆమె అడిగి తీరుతుంది. “బిడ్డకి ఊపిరి అందిస్తున్నాం అమ్మా, డాక్టర్ దగ్గరే ఉన్నారు” అంటే చాలు. బ్యాగ్ పట్టుకున్న మనిషి తల తిప్పి జవాబు చెప్పకూడదు.

2. గది, వార్మర్, బ్యాగ్

మే నెలలో ఏసీ 20 డిగ్రీలకి తగ్గించిన గదిలోకి తడిగా పుట్టిన బిడ్డ వస్తే నిమిషాల్లో చల్లబడిపోతుంది. కాన్పు దగ్గరపడగానే ఏసీని 26 దగ్గర పెట్టండి, ఫ్యాన్ కట్టేయండి. డాక్టర్లకి చెమట పడుతుందని సణుగుడు వినిపిస్తుంది, పట్టించుకోకండి. వార్మర్‌ని పది పదిహేను నిమిషాల ముందే ఆన్ చేసి, రెండు టవల్స్ దాని కింద వేడెక్కనివ్వండి.

టేబుల్ మీద ఇవి చేతికి అందేలా ఉండాలి:

- వెచ్చటి పొడి టవల్స్ రెండు, భుజాల కింద పెట్టడానికి మడిచిన గుడ్డ ఒకటి
- సక్షన్, 80 నుంచి 100 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడికి సెట్ చేసి
- నవజాత శిశువుల అంబు బ్యాగ్, 240 నుంచి 500 మిల్లీలీటర్ల మధ్యది
- మాస్కులు: నెలలు నిండిన బిడ్డకి 1 నంబర్, చిన్న బిడ్డకి 0 నంబర్
- స్టెతస్కోప్, బొడ్డుతాడు క్లాంపులు, కత్తెర
- సెకన్ల ముల్లు ఉన్న గడియారం లేదా వార్మర్ మీది టైమర్
- ఉంటే పల్స్ ఆక్సీమీటర్

బ్యాగ్‌ని ప్రతిసారీ పరీక్షించండి. పొద్దున షిఫ్ట్‌లో చూశారని వదిలేయొద్దు. మాస్క్‌ని మీ అరచేతికి గట్టిగా ఆనించి బ్యాగ్ నొక్కండి. అరచేతికి ఒత్తిడి తగలాలి. ఇంకా గట్టిగా నొక్కితే పాప్ ఆఫ్ వాల్వ్ తెరుచుకుని బుస్సుమనాలి. వదిలితే బ్యాగ్ వెంటనే ఉబ్బాలి. ఒత్తిడి తగలకపోతే బ్యాగ్ చిరిగి ఉండొచ్చు, లేదా కడిగాక వాల్వ్ తిరగేసి బిగించి ఉండొచ్చు. రెండోదే ఎక్కువ.

నెలలు నిండిన బిడ్డకి గాలి ఇవ్వడం మామూలు గదిగాలితోనే, అంటే 21 శాతం ఆక్సిజన్‌తోనే మొదలుపెట్టాలి. అంబు బ్యాగ్‌కి ఆక్సిజన్ పైపు తగిలించకపోతే వచ్చేది అదే. సిలిండర్ ఖాళీ అయిందన్న టెన్షన్‌తో గాలి ఇవ్వడం ఆలస్యం చేయాల్సిన పని లేదు.

3. సున్నా నుంచి 5 సెకన్లు: మూడు చూపులు

బిడ్డ పూర్తిగా బయటికి రాగానే టైమర్ నొక్కాలి. ఎవరు నొక్కాలో ముందే అనుకోండి. తర్వాత మూడే ప్రశ్నలు: నెలలు నిండాయా? చేతులు కాళ్లు ముడుచుకుని బిగువుగా ఉన్నాయా? ఏడుస్తోందా, ఊపిరి తీసుకుంటోందా?

మూడింటికీ అవుననే జవాబు వస్తే బిడ్డ తల్లి గుండెల మీదికి. ఒక్కదానికి కాదన్నా వార్మర్ మీదికి.

ఇక్కడ మోసం చేసేది గాస్పింగ్. బిడ్డ నోరు పెద్దగా తెరిచి ఒక్కసారి ఎగబీలుస్తుంది, ఆగిపోతుంది. కాసేపటికి మళ్లీ ఒకటి. పక్కనున్నవాళ్లు “తీసుకుంటోంది, తీసుకుంటోంది” అంటారు. దాన్ని ఊపిరి కింద లెక్కవేయకూడదు. అసలు ఊపిరి లేని బిడ్డకి ఏం చేస్తామో గాస్పింగ్ బిడ్డకీ అదే చేయాలి.

ఆప్గార్ స్కోర్ కోసం ఎదురుచూడొద్దు. మొదటి స్కోర్ వేసేది ఒక నిమిషానికి. అప్పటికి మీరు బ్యాగ్ నొక్కుతూ ఉండాలి.

4. 5 నుంచి 30 సెకన్లు: వెచ్చదనం, తుడవడం, తల, అవసరమైతేనే సక్షన్

బిడ్డను వార్మర్ మీద, తల మీ వైపు ఉండేలా పడుకోబెట్టండి. తల, ఒళ్లు, వీపు గట్టిగానే తుడవండి. తడి టవల్ తీసి పక్కన పడేసి పొడి టవల్ వేయండి. తడి టవల్‌ని బిడ్డ కిందే వదిలేయడం రోజూ కనిపించే తప్పు. పైన వార్మర్ వేడి చేస్తుంటే కింద తడిగుడ్డ చల్లబరుస్తుంది.

తల సరిచేయండి. ముక్కు కొద్దిగా పైకి ఎత్తి వాసన చూస్తున్నట్టు ఉండాలి. గడ్డం ఛాతీకి ఆనితే దారి మూసుకుపోతుంది, తల మరీ వెనక్కి వాలినా మూసుకుపోతుంది. తల వెనక భాగం పెద్దగా ఉన్న బిడ్డకి భుజాల కింద మడిచిన గుడ్డ పెడితే మెడ సరిగ్గా నిలుస్తుంది. గుడ్డ భుజాల కిందే ఉండాలి, మెడ కిందికి జారనీయొద్దు.

సక్షన్ అందరికీ అక్కర్లేదు. నోట్లో ద్రవం కనిపిస్తూ దారికి అడ్డం పడుతుంటేనో, గాలి ఇవ్వబోతూ నోరు నిండా ఉందని తెలిస్తేనో చేయండి. ముందు నోరు, తర్వాత ముక్కు. ముక్కుని ముందు చేస్తే బిడ్డ ఉలిక్కిపడి ఎగబీలుస్తుంది, నోట్లో ఉన్నది లోపలికి పోతుంది. ట్యూబ్‌ని గొంతు లోతుకి దించి తిప్పితే గుండె వేగం పడిపోతుంది. కొన్ని సెకన్లు చాలు.

ఉమ్మనీరు పచ్చగా ఉంటే ముందు గొంతులో ట్యూబ్ వేసి లాగాలని పాతకాలం వాళ్లు ఇప్పటికీ అంటారు. బిడ్డ చచ్చుబడి ఉన్నా సరే, అలా అందరికీ చేయడం 2015 మార్గదర్శకాల నుంచి మానేశారు. దానివల్ల గాలి ఆలస్యమవుతుంది. పచ్చనీటి బిడ్డకి కూడా వరుస ఇదే.

తుడవడంతోనే చాలామంది బిడ్డలు ఊపిరి అందుకుంటారు. అందుకోకపోతే వీపు మీద రెండు మూడు సార్లు రుద్దండి, లేదా అరికాలిని వేలితో తట్టండి. అంతకు మించి వద్దు. కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయడం, పిర్రల మీద చరచడం, చన్నీళ్లు చల్లడం వల్ల దెబ్బ తగలడమే తప్ప ఊపిరి రాదు.

5. 30 నుంచి 40 సెకన్లు: నిర్ణయం

రెండే చూడాలి. ఊపిరి ఉందా? గుండె వేగం 100 దాటిందా?

గుండె వేగం స్టెతస్కోప్‌తోనే వినండి, ఎడమ రొమ్ము పక్కన. 6 సెకన్లు లెక్కపెట్టి పదితో గుణించండి. వినే మనిషి ఒక్కో గుండె చప్పుడుకీ వేలితో టేబుల్ మీద తడుతుంటే అందరికీ తెలుస్తుంది. బొడ్డు మొదట్లో పట్టుకుని చూడొచ్చు కానీ, నాడి దొరకలేదని గుండె ఆగిందనుకోవద్దు. పల్స్ ఆక్సీమీటర్ అంకె చూపించడానికి సమయం పడుతుంది, దానికోసం ఆగొద్దు.

ఊపిరి లేదు, లేదా గాస్పింగ్, లేదా గుండె వేగం 100 లోపు: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా బ్యాగ్ మొదలు. ఊపిరి లేదని కళ్లకి కనిపిస్తుంటే గుండె వేగం లెక్క తేలేదాకా కూడా ఆగక్కర్లేదు. సహాయానికి పిలవడం కూడా ఇప్పుడే.

ఈ సమయంలో ఆక్సిజన్ పైపుని ముఖం దగ్గర పట్టుకుని నిలబడేవాళ్లు ఉంటారు. ఊపిరే తీసుకోని బిడ్డకి ముఖం మీద ఆక్సిజన్ ఊదితే లోపలికి ఏమీ పోదు.

6. 40 నుంచి 60 సెకన్లు: మాస్క్, బ్యాగ్

ఇది చేతుల పని. ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి.

మాస్క్ అంచుని ముందు గడ్డం మీద ఆనించి, తర్వాత నోరు, ముక్కు మీదికి వాల్చండి. గడ్డం కొస, నోరు, ముక్కు కప్పాలి, కళ్ల మీదికి పోకూడదు. బొటనవేలు, చూపుడువేలు మాస్క్ అంచు మీద గుండ్రంగా ఉంటాయి. మిగతా మూడు వేళ్లు దవడ ఎముక కిందికి వెళ్లి దవడని మాస్క్ వైపు పైకి ఎత్తుతాయి. కొత్తవాళ్లు మాస్క్‌ని ముఖం మీదికి అదుముతారు. దాంతో గడ్డం కిందికి దిగి గొంతు మూసుకుపోతుంది. మాస్క్‌ని కిందికి నొక్కొద్దు, దవడని పైకి తెండి. మూడు వేళ్లూ ఎముక మీదే ఉండాలి. గడ్డం కింద మెత్తటి చోట గుచ్చుకుంటే నాలుక వెనక్కి పోతుంది.

ఇంకో చేతి వేళ్ల కొసలతో బ్యాగ్ నొక్కండి, పిడికిలితో కాదు. మొదట్లో 20 నుంచి 25 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి చాలు. మీటర్ లేకపోతే ఛాతీయే మీటర్. నిద్రలో ఉన్న బిడ్డ తేలిగ్గా ఊపిరి తీసినంత మాత్రమే ఛాతీ లేవాలి. ఎత్తుగా ఎగసిపడుతుంటే ఎక్కువ నొక్కుతున్నారు, ఊపిరితిత్తి చిట్లే ప్రమాదం ఉంది.

వేగం నిమిషానికి 40 నుంచి 60. “బ్రీత్, టూ, త్రీ, బ్రీత్, టూ, త్రీ” అని పైకి అనండి. బ్రీత్ అన్నప్పుడు నొక్కడం, టూ, త్రీ అన్నప్పుడు వదలడం. మనసులో అనుకుంటే టెన్షన్‌లో వేగం రెట్టింపైపోతుంది.

7. 15 సెకన్ల తర్వాత: ఛాతీ లేస్తోందా?

బ్యాగ్ మొదలుపెట్టిన 15 సెకన్లకి పక్కనున్న మనిషి గుండె వేగం వినాలి. పెరుగుతుంటే కొనసాగించండి. పెరగకపోతే ఛాతీ చూడండి. ఛాతీ లేస్తుంటే ఇంకో 15 సెకన్లు ఇవ్వండి. లేవకపోతే గాలి లోపలికి పోవట్లేదన్నమాట. అప్పుడు ఈ వరుసలో సరిచేయండి:

- మాస్క్ తీసి మళ్లీ పెట్టండి, అంచు చుట్టూ గాలి కారుతుందేమో వినండి
- తల మళ్లీ సరిచేయండి, ఐదు ఊపిరులు ఇచ్చి చూడండి
- నోరు, ముక్కు సక్షన్ చేయండి
- నోరు కొద్దిగా తెరిచి మాస్క్ పెట్టండి, మళ్లీ ఐదు ఊపిరులు
- ఒత్తిడి కొంచెం కొంచెంగా పెంచండి, నెలలు నిండిన బిడ్డకి 40 దాటకుండా
- అప్పటికీ లేవకపోతే ట్యూబ్ లేదా లారింజియల్ మాస్క్, అది వేయగలిగినవాళ్ల చేతుల మీదుగా

మాస్క్, తల ఈ రెండూ సరిచేస్తేనే చాలాసార్లు ఛాతీ లేస్తుంది. ఒత్తిడి పెంచే ముందు ఆ రెంటినీ నిజాయితీగా చూడండి. పాప్ ఆఫ్ వాల్వ్ ముందే తెరుచుకుంటుంటే ఒత్తిడి పెరగదు, దాన్నీ గమనించండి.

8. ఒక కాన్పు, సెకన్ల వారీగా

ఇలా అనుకుందాం. తొలి కాన్పు, 39 వారాలు, ఉమ్మనీరు పచ్చగా ఉంది. చివర్లో బిడ్డ గుండె వేగం తగ్గుతోందని వాక్యూమ్ పెట్టారు. రిస్క్ ఉంది కాబట్టి బిడ్డ కోసం ఇద్దరు సిస్టర్లు నిలబడ్డారు. పెద్ద సిస్టర్ తల దగ్గర, చిన్న సిస్టర్ స్టెతస్కోప్‌తో.

బిడ్డ బయటికి వచ్చింది, టైమర్ నొక్కారు. 4 సెకన్లకి తెలిసిపోయింది: ఏడుపు లేదు, చేతులు వేలాడుతున్నాయి. డాక్టర్ వీపు మీద తుడిచి చూసి, తాడు కత్తిరించి ఇచ్చారు. 12 సెకన్లకి వార్మర్ మీద ఉంది.

25 సెకన్లకి తుడవడం అయింది, తడి టవల్ పోయింది, తల సరిగ్గా ఉంది. నోట్లో పచ్చటి ద్రవం కనిపించింది కాబట్టి నోరు, ముక్కు ఒక్కసారి సక్షన్. వీపు రుద్దారు. 35 సెకన్లకి ఒక గాస్ప్, తర్వాత ఏమీ లేదు.

పెద్ద సిస్టర్ అక్కడే మాస్క్ పెట్టేసింది. చిన్న సిస్టర్ 6 సెకన్లలో 7 లెక్కపెట్టి “సెవెంటీ” అంది. 45 సెకన్లకి మొదటి ఊపిరి ఇచ్చారు.

60 సెకన్లకి మళ్లీ విన్నారు. 70 దగ్గరే ఉంది, ఛాతీ లేవడం లేదు. ఎడమ చెంప పక్క నుంచి గాలి కారుతున్న చప్పుడు. మాస్క్ తీసి గడ్డం నుంచి మళ్లీ పెట్టారు. భుజాల కింది గుడ్డ జారి తల ముందుకి వంగిపోయి ఉంది, దాన్నీ సరిచేశారు. ఐదు ఊపిరులు ఇచ్చినా లేవలేదు. నోట్లోంచి చిక్కటి కళ్లె తీసి, నోరు తెరిచి మాస్క్ పెట్టారు. 1 నిమిషం 20 సెకన్లకి ఛాతీ లేచింది.

ఛాతీ లేస్తూ గాలి అందాల్సిన 30 సెకన్ల లెక్క ఇక్కడినుంచే. బ్యాగ్ ముట్టుకున్నప్పటి నుంచి లెక్కపెట్టి, గుండె వేగం పెరగలేదని ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టి ఉంటే పెద్ద పొరపాటు అయ్యేది. గాలే పోని బిడ్డకి గుండె నొక్కి లాభం లేదు.

1 నిమిషం 50 సెకన్లకి 6 సెకన్లలో 11, అంటే 110. బ్యాగ్ కొనసాగించారు. రెండున్నర నిమిషాలకి బిడ్డ మూలిగింది, సన్నగా ఏడ్చింది. వేగం మెల్లగా తగ్గిస్తూ, బిడ్డ సొంత ఊపిరి నిలబడ్డాక ఆపారు. కుడి చేతికి పెట్టిన పల్స్ ఆక్సీమీటర్ 3 నిమిషాలకి 72 చూపించింది. ఆ వయసుకి 70 నుంచి 75 ఉంటే మామూలే. 72 చూసి కంగారుపడి ఆక్సిజన్ పెంచక్కర్లేదు. 5 నిమిషాలకి 80 నుంచి 85, 10 నిమిషాలకి 85 నుంచి 95 రావాలి.

9. ఛాతీ లేస్తూ 30 సెకన్లు గడిచాక

గుండె వేగం 100 దాటి, బిడ్డ ఊపిరి తీసుకుంటుంటే మెల్లగా ఆపండి. 60 నుంచి 99 మధ్య ఉంటే గాలి కొనసాగించి, మాస్క్, తల, ఛాతీ మళ్లీ చూడండి. 60 లోపే ఉంటే ట్యూబ్ లేదా లారింజియల్ మాస్క్, నూరు శాతం ఆక్సిజన్, మూడు నొక్కులకి ఒక ఊపిరి చొప్పున ఛాతీ నొక్కడం. దానికి ఇంకో మనిషి కావాలి కాబట్టే 40వ సెకనులో పిలవమన్నాను.

నెలలు నిండని బిడ్డకి, ముఖ్యంగా 32 వారాల లోపు బిడ్డకి, తుడవకుండా ప్లాస్టిక్ కవర్‌లో పెట్టడం, ఆక్సిజన్ శాతం వేరుగా ఉండడం లాంటి తేడాలున్నాయి. ఈ లెక్క వాళ్లకి అచ్చంగా వాడొద్దు.

10. బిడ్డ ఏడ్చాక చేయాల్సినవి

- ఉష్ణోగ్రత చూడండి, 36.5 నుంచి 37.5 డిగ్రీల మధ్య ఉండాలి
- ఊపిరి వేగం, ఎగశ్వాస, రంగు, ఒంటి బిగువు మళ్లీ మళ్లీ చూడండి
- రక్తంలో షుగర్ చూడండి
- బ్యాగ్‌తో కొన్ని నిమిషాలు గాలి ఇచ్చి పొట్ట ఉబ్బి ఉంటే నోటి ద్వారా 8 సైజు ట్యూబ్ వేసి గాలి తీయండి
- కేస్‌షీట్‌లో సెకన్లతో రాయండి: బ్యాగ్ ఎప్పుడు మొదలైంది, ఛాతీ ఎప్పుడు లేచింది, గుండె వేగం 100 ఎప్పుడు దాటింది, సొంత ఊపిరి ఎప్పుడు వచ్చింది

ఏడ్చింది కదా అని మామూలు బిడ్డలా తల్లి పక్కన పెట్టి వెళ్లిపోవద్దు. ఒళ్లు ఇంకా మెత్తగా వేలాడుతున్నా, ఊపిరి వేగంగా ఉన్నా, మూలుగుతున్నా, పాలు పట్టకపోయినా, ఫిట్స్‌లా కదలికలు కనిపించినా ఎన్ఐసీయూ అవసరం. మీ దగ్గర ఎన్ఐసీయూ లేకపోతే 108కి చెప్పడం, తీసుకునే ఆసుపత్రికి ఫోన్ చేయడం ఆలస్యం చేయొద్దు. అంబులెన్స్‌లో కూడా బిడ్డతో పాటు పరీక్షించిన బ్యాగ్, మాస్క్, వాటిని వాడడం వచ్చిన మనిషి వెళ్లాలి. ఆ కేస్‌షీట్ నకలు కూడా వాళ్ల చేతికే ఇవ్వండి. మెదడుకి గాలి తగ్గిన బిడ్డకి ఒంటిని చల్లబరిచే చికిత్స ఇవ్వాలంటే పుట్టిన 6 గంటల లోపే మొదలవ్వాలి. ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి అక్కడి డాక్టర్ ముందుగా చూసేది మీరు రాసిన ఆ నిమిషాలే.